20 లక్షలు, 25 ఏళ్లు: నా పైథాన్ లెక్క 3.96 కోట్లు అంటోంది, నమ్మొచ్చా?

పటమట_వాసు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు 35 ఏళ్లు. 60 దాకా ముట్టుకోకూడదని 20 లక్షలు ఒక ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాను. ఇప్పుడు కొత్తగా ఏమీ కలపడం లేదు. ఏడాదికి 12 శాతం సగటు రాబడి, 20 శాతం స్టాండర్డ్ డీవియేషన్ అనుకుని నెలనెలా యాదృచ్ఛికంగా రాబడి తీసే చిన్న ప్రోగ్రాం రాశాను.

```python
import numpy as np
np.random.seed(1)
out = []
for p in range(1000):
    w = 20.0                 # లక్షల్లో
    for k in range(300):
        w *= 1 + np.random.normal(0.12/12, 0.20/12)
    out.append(w)
```

సగటు దాదాపు 396 లక్షలు వచ్చింది. 5వ పర్సెంటైల్ 237, 95వ పర్సెంటైల్ 608. అంటే అదృష్టం బాగా లేకపోయినా 2 కోట్ల 37 లక్షలు ఖాయమనేగా? మా బావమరిది మాత్రం షేర్లలో ఇంత నిలకడ ఉండదంటున్నాడు. కోడ్‌లో తప్పేమైనా ఉంటే చెప్పండి.

---

సీను_కోడ్ · రాత్రి 9:31

వాసు బ్రో, ఎస్‌డీని 12తో భాగించకూడదు, 12 వర్గమూలంతో భాగించాలి. `0.20/12` తీసేసి `0.20/np.sqrt(12)` పెట్టు, అంతే. మిగతాదంతా ఓకే.

---

పటమట_వాసు · రాత్రి 9:50

మార్చాను. సగటు ఇంచుమించు అక్కడే ఉంది, 396 చుట్టూ తిరుగుతోంది. కానీ 5వ పర్సెంటైల్ ఏకంగా 47 లక్షలకు పడిపోయింది! 95వది 12 కోట్లు దాటింది. మీడియన్ 242. ఒక్క గుర్తు మారిస్తే 2.37 కోట్లు 47 లక్షలైపోవడం ఏంటండీ? ఇప్పుడు ఏది నిజం?

---

లబ్బీపేట_లెక్కలు · రాత్రి 10:24

వాసు గారూ, రెండూ పూర్తిగా నిజం కావు. రెండోది నిజానికి చాలా దగ్గర. సీను గారు చెప్పింది ముప్పావు వంతు సరైనది, మిగిలిన పావు సంగతి తర్వాత చెబుతాను.

ఇలాంటి ప్రోగ్రాంలో నేరుగా 25 ఏళ్ల చివరి అంకె చూస్తే తప్పు దొరకదు. ముందు 12 నెలల దగ్గర ఆపి చూడండి. మీరు అనుకున్నది ఏడాదికి 12 శాతం సగటు, 20 శాతం ఎస్‌డీ. కాబట్టి లూప్‌ని 12 సార్లే తిప్పి, `w/20 - 1` సగటు, ఎస్‌డీ తీస్తే అవే రావాలి. మీ మొదటి కోడ్‌లో సగటు 12.7, ఎస్‌డీ 6.4 శాతం వస్తాయి. 20 అడిగితే 6.4 ఇచ్చిందంటే ఆ ప్రోగ్రాం షేర్ల గురించి మాట్లాడటం లేదు, ఇంకా నెమ్మదైన దేని గురించో మాట్లాడుతోంది.

కారణం ఇది. ఒక నెలకూ ఇంకో నెలకూ సంబంధం లేదన్నప్పుడు కూడేది వేరియెన్స్, ఎస్‌డీ కాదు. ఏడాది ఎస్‌డీ 0.20 అయితే వేరియెన్స్ 0.04. దాన్ని 12 నెలలకు పంచితే నెలకు 0.00333, దాని వర్గమూలం 0.0577. మీరు వేసింది 0.0167. నెలకు దాదాపు ఆరు శాతం ఊగాల్సినదాన్ని ఒకటిన్నర శాతం చుట్టూ కట్టేశారు. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి, అంత చిన్న ఊపు 300 నెలలైనా పెద్దగా పరుచుకోదు.

ఇంకో గుర్తు మీ మొదటి పోస్టులోనే ఉంది. 608ని 237తో భాగించండి, రెండున్నర. 25 ఏళ్ల షేర్ల పెట్టుబడిలో వందలో ఐదుగురి అదృష్టానికీ వందలో ఐదుగురి దురదృష్టానికీ మధ్య తేడా రెండున్నర రెట్లేనా? అది చూడగానే అనుమానం రావాలి. మీ బావమరిదికి అదే వచ్చినట్టుంది.

---

సీను_కోడ్ · రాత్రి 10:37

మేడమ్, పావు వంతు ఏది తప్పో చెప్పకుండా నిద్ర పట్టనివ్వట్లేదు మీరు 😄

---

లబ్బీపేట_లెక్కలు · రాత్రి 11:05

మీ సవరణ పెట్టి అదే 12 నెలల పరీక్ష చేయండి. సగటు 12.68, ఎస్‌డీ 22.5 వస్తాయి. రెండూ కాస్త ఎక్కువ.

సగటు సంగతి సులువు. నెలకు 1 శాతం చొప్పున చక్రవడ్డీ వేస్తే ఏడాదికి 12 కాదు, 12.68. ఏడాదికి 12 కావాలంటే నెలకు 0.949 వేయాలి. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ 25 ఏళ్లలో 20 లక్షలు 3.40 కోట్లు కావాల్సింది 3.96 కోట్లవుతుంది. ఆ 56 లక్షలు బ్యాంకు వడ్డీ పుస్తకంలోని పాత గొడవే, మార్కెట్‌తో పని లేదు.

ఎస్‌డీ సంగతి ఇంకో రకం. వర్గమూలం సూత్రం కూడికలకు పని చేస్తుంది. మన డబ్బు కూడదు, గుణిస్తుంది. గుణకారాన్ని కూడిక చేసేది లాగ్. కాబట్టి రాబడి లాగ్‌లో యాదృచ్ఛిక అంకెలు తీసి, వాటిని కూడి, చివర్న ఒక్కసారి `exp` చేస్తే ఈ తలనొప్పి పోతుంది. మీరు మధ్యలో ఏమీ కలపడం లేదు, తీయడం లేదు కాబట్టి నెలలు కూడా అక్కర్లేదు, ఏడాదికో అంకె చాలు.

```python
import numpy as np
rng = np.random.default_rng(7)
n, yrs, w0 = 20_000, 25, 20.0
m, s = 0.12, 0.20
sg = np.sqrt(np.log(1 + (s/(1+m))**2))   # 0.1772
mu = np.log(1+m) - sg**2/2               # 0.0976
g = rng.normal(mu, sg, size=(n, yrs))
w = w0 * np.exp(g.sum(axis=1))
print(w.mean(), np.quantile(w, [.05, .25, .5, .75, .95]))
```

`mu` దగ్గర `sg**2/2` తీసేయడం మరిచిపోకండి. చాలామంది `np.log(1.12)` ఒక్కటే వేసి వదిలేస్తారు. అప్పుడు 3.40 కోట్లు మీడియన్ అయి కూర్చుంటుంది, సగటు అయిదు కోట్ల దాకా ఎగబాకుతుంది.

`size=(n, yrs)` కూడా జాగ్రత్త. పొరపాటున `size=(1, yrs)` అని రాస్తే రన్‌లన్నిటికీ ఒకే జాతకం. `size=n` అని రాసి 25తో గుణిస్తే, మొదటి ఏడాది పడిన పందెమే పాతికేళ్లూ నడుస్తుంది. రెండు చోట్లా ఎర్రర్ ఏదీ రాదు, అదే బాధ.

---

పటమట_వాసు · ఆదివారం ఉదయం 7:40

వేశాను. కొంచెం అటూ ఇటూగా వచ్చినవి ఇవి, లక్షల్లో:

సగటు 340
5వ పర్సెంటైల్ 53
25వది 126
మీడియన్ 230
75వది 417
95వది 986

సగటు 3.40 కోట్లు, మీడియన్ 2.30 కోట్లు. కోటీ పది లక్షల తేడా. ఇంట్లో ఏ అంకె చెప్పాలి?

---

లబ్బీపేట_లెక్కలు · ఉదయం 9:15

సగటు మాత్రం చెప్పకండి.

మీ 20 వేల రన్‌లలో ఎన్ని 340 దాటాయో లెక్కపెట్టండి: `(w > w.mean()).mean()`. 0.33 వస్తుంది. అంటే మూడింట రెండు వంతుల రన్‌లు సగటును అందుకోవు. ఆ సగటును ఎక్కువగా పైకి లాగుతున్నవి 9.86 కోట్లు దాటిన ఆ అయిదు శాతం. 20 లక్షలు 15 కోట్లు, 20 కోట్లు అయిన రన్‌లు కొన్ని ఉంటాయి, మీ పక్క వీధి వాళ్లకొచ్చిన ఆ డబ్బును మీ సగటులో కలుపుతున్నారన్నమాట. నష్టానికి అడుగు ఉంది, సున్నా కిందికి పోదు. లాభానికి పైకప్పు లేదు. అందుకే కుడివైపు తోక సాగుతుంది.

ఇంట్లో చెప్పడానికి మీడియన్ తీసుకోండి, దాని పక్కన 25, 75 కూడా చెప్పండి. "సగం అవకాశం కోటీ పాతికకూ నాలుగు కోట్ల పదిహేడు లక్షలకూ మధ్య" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఒక్క మాట, ఇవన్నీ 25 ఏళ్ల తర్వాతి రూపాయలు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే 4.29తో భాగించాలి. మీడియన్ ఈనాటి విలువలో 53.5 లక్షలు. 5వ పర్సెంటైల్ పన్నెండున్నర లక్షలు. అంటే పెట్టిన 20 లక్షల కొనుగోలు శక్తి కూడా తిరిగి రాదు. 53 అన్న అంకె రెండు చోట్లా రావడం కాకతాళీయం, కలిపేసుకోకండి.

హిస్టోగ్రామ్ గీస్తే `plt.hist(w)` వద్దు, అంతా ఎడమ మూల గోడకు అతుక్కుపోతుంది. `plt.hist(np.log10(w), bins=60)` గీయండి, గంట ఆకారం చక్కగా కనిపిస్తుంది.

---

యార్డు_బాబ్జీ · ఉదయం 10:02

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం మాది. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి ధర కోసం చూసేవాళ్లం. ఇంత లెక్క వేశారు గదా, మరి మార్కెట్ ఏ ఏడాది పడుతుందో ఇది చెబుతుందా? అది తెలిస్తే ముందే తీసేసి మళ్లీ పెట్టుకోవచ్చు గదా.

---

సీను_కోడ్ · ఉదయం 10:10

బాబ్జీ అన్నా, ఏ ఏడాది పడుతుందో ఇది చెప్పదు. ప్రతి ఏడాదికీ మనమే పాచిక వేస్తున్నాం. ఒక రన్‌లో మూడో ఏడు పడుతుంది, ఇంకో దాన్లో పంతొమ్మిదో ఏడు పడుతుంది. పాతికేళ్లకు ఎంత వెడల్పున పరుచుకుంటుందో ఒక్కటే చెబుతుంది.

---

బ్రాడీపేట_రిటైర్డ్ · ఉదయం 10:48

అమ్మా, నాది వేరే లెక్క. రిటైరయ్యి రెండేళ్లయింది. చేతిలో కోటి. ఏడాదికి 8 లక్షలు ఖర్చుకు తీస్తాను. పైన చెప్పిన కోడ్‌లో 20 బదులు 100 వేసి, చివర్లో 25 ఏళ్ల ఖర్చు 200 తీసేశాను. మీడియన్ 9 కోట్లకు పైన మిగులుతోంది! మా అబ్బాయి నవ్వుతున్నాడు.

---

లబ్బీపేట_లెక్కలు · ఉదయం 11:30

మాస్టారూ, అబ్బాయి నవ్వడంలో అర్థముంది. ఖర్చును చివర్న ఒకేసారి తీస్తే ఆ రెండు కోట్లు పాతికేళ్లూ మీ తరఫున సంపాదిస్తూ కూర్చున్నట్టు లెక్క. మీరేమో ఏటా తీసి కూరగాయలకూ మందులకూ ఇస్తున్నారు. వాసు గారి లెక్కలో ఏ ఏడాది ముందు వచ్చినా చివరి అంకె మారదు. మీ లెక్కలో వరుసే ప్రాణం.

మూడేళ్లకు చేత్తో వేసి చూద్దాం. కోటి రూపాయలు, ప్రతి ఏడాది మొదట్లో 8 లక్షలు తీస్తారు. రాబడులు మైనస్ 30, ప్లస్ 10, ప్లస్ 40. ఏమీ తీయకపోతే ఏ వరుసలో వచ్చినా కోటి చివరికి 107.8 లక్షలే.

పడిపోవడం ముందొస్తే: 92 లక్షలు 64.4 అవుతుంది. అందులో 8 తీస్తే 56.4, అది 62.04. మళ్లీ 8 తీస్తే 54.04, చివరికి 75.66 లక్షలు.

పెరగడం ముందొస్తే: 92 లక్షలు 128.8. ఎనిమిది పోను 120.8, అది 132.88. ఎనిమిది పోను 124.88, చివరి ఏడాది పడ్డాక 87.42 లక్షలు.

అవే మూడు రాబడులు, అదే ఖర్చు, మూడేళ్లకే దాదాపు 12 లక్షల తేడా. ధర తగ్గినప్పుడు అమ్మిన యూనిట్లు తర్వాత మార్కెట్ లేచినా మీతో ఉండవు. అందుకని మీకు లూప్ తప్పదు:

```python
w = np.full(n, 100.0)
gone = np.full(n, -1)
for t in range(yrs):
    w = np.maximum(w - 8*1.06**t, 0)
    gone[(w == 0) & (gone < 0)] = t + 1
    w *= np.exp(rng.normal(mu, sg, n))
```

`np.maximum` తీసేస్తే ఏమవుతుందో చెబుతాను, ఇది చాలా కోడ్‌లలో చూసే తప్పు. డబ్బు అయిపోయాక మైనస్‌లోకి పోతుంది. మార్కెట్ బాగున్న ఏడాది ఆ మైనస్ కూడా 20, 30 శాతం పెరుగుతుంది. షేర్లు పెరిగితే మీ అప్పు పెరిగినట్టు! 5వ పర్సెంటైల్ మైనస్‌లో పెద్ద అంకె కనిపిస్తే కారణం ఇదే.

ఇక మీ విషయంలో చివరి సొమ్ము పర్సెంటైల్స్ చూసి లాభం లేదు. సున్నా దగ్గర ఒక పెద్ద గుట్ట పడుతుంది. 5వది సున్నా, 25వది కూడా సున్నా అని వస్తే, 72వ ఏట అయిపోయిందా 84వ ఏట అయిపోయిందా తెలియదు. మీకు కావాల్సింది ఆ తేడాయే. అందుకే `gone`లో ఏడాది దాచాం. `np.quantile(gone[gone > 0], [.1, .5])` చూడండి, అయిపోయిన రన్‌లలో ఎప్పుడు అయిపోయిందో తెలుస్తుంది. అసలు ఎన్ని అయిపోయాయో `(gone > 0).mean()` చెబుతుంది. రెండూ కలిపి చదవాలి.

కోటి మొత్తం షేర్లలోనే లేదు కదా మీది? సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో కొంత ఉంటే `m`, `s` రెండూ తగ్గించి వేయాలి.

---

బ్రాడీపేట_రిటైర్డ్ · మధ్యాహ్నం 12:15

కొంత అందులోనే ఉందమ్మా. అయితే 8 లక్షలు ఏటా 6 శాతం పెరుగుతూ పోతుందని కూడా వేశారు మీరు, అది నేను వేయనే లేదు. సాయంత్రం అబ్బాయి చేత వేయిస్తా.

---

మంగళగిరి_డేటా · మధ్యాహ్నం 2:20

లబ్బీపేట మేడమ్ కోడ్ బాగుంది గానీ నార్మల్ పంపిణీ మీద నాకు నమ్మకం లేదు. సెన్సెక్స్ 2007 చివర 20,287, 2008 చివర 9,647. ఒక్క ఏడాదిలో 52 శాతం పోయింది. పై `mu`, `sg` తో ఆ ఏడాది ఎక్కడుందో చూస్తే సగటుకు 4.7 ఎస్‌డీలు కింద. నార్మల్ లెక్క ప్రకారం అలాంటిది లక్షల ఏళ్లకు ఒకసారి రావాలి. మనం కళ్లారా చూశాం. కాబట్టి లావు తోకలున్న `rng.standard_t(4)` వాడండి. నేను `mu + sg*rng.standard_t(4, size=(n, yrs))` వేశాను. 5వ పర్సెంటైల్ బాగా పడిపోయింది. కాకపోతే సగటు ఒక్కో సీడ్‌కు ఒక్కోలా వస్తోంది, ఎందుకో అర్థం కాలేదు.

---

లబ్బీపేట_లెక్కలు · మధ్యాహ్నం 3:45

2008 గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఒక ఏడాది నష్టానికి నార్మల్‌ని నమ్మకూడదు. కానీ మీ కోడ్‌లో రెండు సంగతులున్నాయి.

మొదటిది: 4 డిగ్రీల `t` వేరియెన్స్ 1 కాదు, 2. రెండు వర్గమూలంతో భాగించకపోతే తోకలు లావు చేయడంతో పాటు మొత్తం ఊపునే 41 శాతం పెంచేశారు. మీ 5వ పర్సెంటైల్ పడిపోయింది ఎక్కువగా అందుకే. భాగించి మళ్లీ వేసి చూడండి, 25 ఏళ్ల చివర తేడా మీరనుకున్నంత ఉండదు. పాతిక ఏడాదుల లాగ్‌లు కూడేసరికి ఒక్కో తోక పదును చాలావరకు అరిగిపోతుంది. బ్రాడీపేట మాస్టారి లెక్కలో మాత్రం తోక అంత తేలిగ్గా అరగదు, మొదటి రెండేళ్లలో పడితే ఆయనకు తగులుతుంది.

రెండోది మీ సగటు ఎందుకు నిలబడట్లేదో. లాగ్‌లో `t` తీసి `exp` చేస్తే ఆ పంపిణీకి సగటు అనేదే ఉండదు, అది అనంతం. 20 వేల రన్‌లు, 25 ఏళ్లు అంటే 5 లక్షల పాచికలు. అందులో ఏదో ఒకదానికి ఒక్క ఏడాదిలో డబ్బు పదుల రెట్లు అయిపోతుంది. ఆ ఒక్క రన్ సగటును తన వెంట లాక్కుపోతుంది. రన్‌లు పది లక్షలు చేసినా కుదరదు, ఇంకా పెద్దది పడుతుంది. `t` వాడితే పర్సెంటైల్స్ మాత్రమే చూడాలి.

---

మంగళగిరి_డేటా · మధ్యాహ్నం 4:10

రెండు వర్గమూలం సంగతి ఒప్పుకుంటున్నా, మరిచిపోయాను. అయితే పంపిణీయే వద్దు, నిజంగా జరిగిన ఏడాదుల్నే గుప్పెట్లో వేసి తీయొచ్చు కదా? `rng.choice` తో చరిత్రలోంచి రాబడులు లాగితే 2008 దానంతటదే వస్తుంది. అదీ ఒక్కో ఏడాది కాకుండా మూడేసి ఏళ్ల ముక్కలుగా తీస్తే 2008 వెనకే 2009 కూడా వస్తుంది. ఆ ఏడాది 81 శాతం లేచింది కదా. విడివిడిగా కలిపేస్తే ఆ జంట చెదిరిపోతుంది.

---

లబ్బీపేట_లెక్కలు · సాయంత్రం 5:30

ముక్కలుగా తీయడం మంచి పద్ధతే, నేనూ వాడతాను. డివిడెండ్లు కలిసిన టీఆర్ఐ సూచీ తీసుకోండి, ఉత్త సూచీలో ఆ డబ్బు కనిపించదు. కానీ సెన్సెక్స్ ఆధార సంవత్సరం 1978-79. ఆనాటి నుంచి లెక్కేసినా ఒకదానిపై ఒకటి పడని 25 ఏళ్ల ముక్కలు రెండు కూడా నిండుగా దొరకవు. వాటిని ఎంత కలిపి తీసినా ఆ నాలుగైదు దశాబ్దాల సగటే మళ్లీ మళ్లీ వస్తుంది. ఇకపైనా అదే సగటు అని మనం చెప్పకుండానే ఒప్పేసుకున్నట్టు.

నా దృష్టిలో అసలు గొడవ తోకది కాదు, ఆ 12ది. 20 శాతం ఊగే వస్తువును 25 ఏళ్లు చూసి సగటు కడితే ఆ సగటులోనే 4 శాతం అటూఇటూ ఉంటుంది. 20ని 25 వర్గమూలంతో భాగించండి, 4. అంటే 12 అని మనమనుకున్నది నిజంగా 8 కావచ్చు, 16 కావచ్చు. చరిత్ర చూసి తేల్చలేం. 8 వేసి చూస్తే వాసు గారి మీడియన్ 2.30 కోట్ల నుంచి 90 లక్షలకు దిగుతుంది. 5వ పర్సెంటైల్ 20 లక్షల చిల్లర కూడా కాదు, సరిగ్గా పెట్టినంత, అదీ పాతికేళ్ల తర్వాతి రూపాయల్లో.

ఇది కోడ్‌లో చెప్పాలంటే ప్రతి రన్‌కు సగటును కూడా పాచిక వేసి తీయాలి:

```python
m = rng.normal(0.12, 0.04, size=(n, 1))
```

మిగతా లైన్లు మార్చక్కర్లేదు, `sg`, `mu` వాటంతటవే నిలువు వరుసలవుతాయి. వాసు గారూ, ఇది వేసి అంకెలు పెట్టండి.

---

పటమట_వాసు · రాత్రి 8:05

పెట్టాను. 5వ పర్సెంటైల్ 53 నుంచి 27, 28 లక్షల దగ్గరకు వచ్చింది. 95వది 18 కోట్ల దగ్గర. మీడియన్ పెద్దగా కదల్లేదు.

ఇంకో సందేహం. సీడ్ మార్చినప్పుడల్లా అంకెలు కాస్త కదులుతున్నాయి. నా పాత 1000 రన్‌లతో అయితే సగటు ఒకసారి 328, ఒకసారి 351. ఎన్ని రన్‌లు వేస్తే చాలు?

---

సీను_కోడ్ · రాత్రి 8:20

పది లక్షలు వేసెయ్ బ్రో, ఎక్కువేస్తే ఎప్పుడూ మంచిదే.

---

లబ్బీపేట_లెక్కలు · రాత్రి 9:00

మామూలు లెక్కకు 20 వేలు చాలు. మొదట వేసిన, సగటు 12 అని కట్టేసిన లెక్కలో చివరి సొమ్ము ఎస్‌డీ దాదాపు 3.7 కోట్లు. 1000 రన్‌లు వేస్తే సగటులో 12 లక్షలు అటూఇటూ ఉంటుంది, మీరు చూసింది అదే. 5వ పర్సెంటైల్‌లో 3 లక్షలు. 20 వేలకు సగటులో రెండున్నర లక్షలు, 5వ పర్సెంటైల్‌లో లక్ష లోపు. పది లక్షల రన్‌లు, 300 నెలలు వేస్తే ఒక్క అరేకే 2.4 జీబీ మెమరీ తింటుంది, సీను గారి ల్యాప్‌టాప్ ఏమంటుందో.

అంతకన్నా ముఖ్యం: రన్‌లు పెంచితే తగ్గేది పాచికల గందరగోళం ఒక్కటే. 12 అన్న ఊహలో తప్పుంటే కోటి రన్‌లు వేసినా ఆ తప్పే మరింత కచ్చితంగా వస్తుంది. 5వ పర్సెంటైల్ 53.4 అని దశాంశంతో రాసి పంపే నివేదికలు చూస్తుంటా. ఒక్క ఊహ మారిస్తే 28 అయిందిగా మీకు.

---

యార్డు_బాబ్జీ · రాత్రి 9:18

మరి ట్యాక్సు? మొత్తం అమ్మితే కట్టరా?

---

మంగళగిరి_డేటా · రాత్రి 9:33

బాబ్జీ గారు మంచి పాయింట్ పట్టారు. ఇప్పటి నిబంధన ప్రకారం ఏడాదికి 1.25 లక్షలు దాటిన దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం. మీడియన్ 2.30 కోట్లు ఒకే ఏడాది అమ్మితే 26 లక్షల పన్ను, సర్‌చార్జీ, సెస్ కాకుండా. విడతలుగా తీస్తే కొంత తగ్గుతుంది. పాతికేళ్ల తర్వాత రేటు ఎంతుంటుందో దానికీ పాచికే వేయాలి.

మేడమ్, ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. సగటుకు 4 శాతం ఊపు మరీ ఎక్కువ. 16 శాతం సగటు రాబడి పాతికేళ్లు నిలబడుతుందా? 95వ పర్సెంటైల్ 18 కోట్లంటే నమ్మబుద్ధి కావట్లేదు.

---

లబ్బీపేట_లెక్కలు · రాత్రి 9:57

పైవైపు నాకూ నమ్మకం లేదు. 4 అన్నది చరిత్ర ఒక్కదాన్నే చూస్తే వచ్చేది, దేశం ఎంత ఎదుగుతుంది, కంపెనీల లాభాలు ఎంత పెరుగుతాయి అన్నవి కలిపితే 2 దాకా తగ్గించొచ్చని వాదించేవాళ్లున్నారు. 12 బదులు 10 నుంచి మొదలుపెట్టాలనే వాళ్లూ ఉన్నారు. నేను 11, 3 వేస్తాను. ఇది లెక్క కాదు, అభిప్రాయం.

---

పటమట_వాసు · రాత్రి 10:20

నాకు కావాల్సింది 60 ఏళ్లప్పుడు ఈనాటి విలువలో కోటి. అంటే 4.29 కోట్లు. `(w > 429).mean()` వేస్తే మొదటి ఊహలతో 0.24 వచ్చింది. నాలుగోవంతు కూడా లేదు. ఈనాటి 50 లక్షలకు 0.53. అంటే మిగతాది నెలనెలా కలుపుకుంటూ పోవాల్సిందే. నెలకు ఎంత సిప్ వేస్తే కోటికి 0.75 వస్తుందో లూప్‌లో వెతుకుతున్నా. సిప్ డబ్బు నెల మొదట్లో కలపాలా, చివర్లోనా?

---

లబ్బీపేట_లెక్కలు · రాత్రి 10:31

మీ ఖాతాలోంచి ఏ తేదీన కట్ అవుతుందో అలా. 5వ తేదీ అయితే మొదట్లో కలిపి, తర్వాత `exp` తో గుణించండి. సిప్ ఉంటే నెలలు కావాలి కాబట్టి `mu/12`, `sg/np.sqrt(12)`. ఇది లాగ్‌లో కనుక ఈసారి వర్గమూలం సరిగ్గా పని చేస్తుంది. 12 నెలల పరీక్ష మాత్రం సిప్ సున్నా పెట్టి ముందు చేయండి: 12, 20 వచ్చాకే సిప్ కలపండి.